రెండు కళ్ల పవర్‌లో బాగా తేడా ఉందా? ప్రోగ్రెసివ్ అద్దాలతో తలనొప్పి ఎందుకొస్తుంది, ఏ లెన్స్‌తో తగ్గుతుంది

దసరాకి ముందు ఓ ఆదివారం బెంగళూరు బెళ్లందూరులో అక్క వాళ్లింటికి వెళ్తే బావ నుదుటికి బామ్ రాసుకుని లైట్లన్నీ ఆర్పేసి పడుకుని ఉన్నాడు. ఏమైంది బావా అంటే, "రేయ్, ఈ కొత్త అద్దాలు పెట్టుకున్నప్పట్నుంచీ మధ్యాహ్నం మూడయ్యే సరికి కనుబొమల పైన పట్టేసినట్టు ఉంటాంది. బీపీ చూపిచ్చినా, నార్మలే. షాపోడు అలవాటైతాది అంటాడు, నెలన్నర అయ్యింది, నువ్వు కండ్ల ఆస్పత్రిలోనే కదా పంజేసేది, నువ్వన్నా చూడరా" అన్నాడు.

నేను ఆప్టోమెట్రిస్ట్‌ని, కేఆర్ పురం వైపు ఓ కంటి క్లినిక్‌లో పనిచేస్తున్నా. బావ చీటీ తీసి చూడగానే సగం విషయం అర్థమైంది. కుడి కన్ను -1.00, ఎడమ కన్ను -4.50, దగ్గర చూపుకి రెండు కళ్లకీ +1.50 అదనం. వయసు 44. రెండు కళ్ల మధ్య మూడున్నర పాయింట్ల తేడా, దాని మీద మొదటిసారి ప్రోగ్రెసివ్, అంటే దూరం చూపు నుంచి దగ్గర చూపు దాకా గీత లేకుండా ఒకే లెన్స్‌లో ఉండే అద్దాలు. ఇలాంటి కేసులు మా దగ్గరకి చాలానే వస్తాయి, ముఖ్యంగా నలభై దాటిన సాఫ్ట్‌వేర్ వాళ్లు, అందరూ చెప్పేది ఒకటే, ఇన్నేళ్లూ అవే పవర్లతో బాగానే ఉన్నా, ఇప్పుడే ఎందుకిలా అని. అందుకే బావకి చేసిందంతా వరసగా రాస్తున్నా, మీ చీటీ పక్కన పెట్టుకుని చదివితే మీ లెక్క మీరే వేసుకోవచ్చు.

మొదట చీటీలో తేడా ఎంతుందో చూడండి

ఓడీ అంటే కుడి కన్ను, ఓఎస్ అంటే ఎడమ కన్ను. స్ఫెరికల్ అని ఉన్న గడిలో రెండు అంకెల తేడా తీయండి. ఒకటి మైనస్ ఒకటి ప్లస్ అయితే రెండూ కలుపుకోవాలి, అంటే +1.00, -2.00 ఉంటే తేడా 3.00. ఒక పాయింట్ దాటిన తేడాని మేము అనైసోమెట్రోపియా అంటాం, కానీ ఒక పాయింట్ తేడాతో బాధపడేవాళ్లు తక్కువ. రెండు దాటాక కంప్లైంట్లు మొదలవుతాయి, మూడు దాటితే మామూలు ప్రోగ్రెసివ్ ఇచ్చేముందు ఆలోచించాల్సిందే.

సిలిండర్ కూడా చూడండి, ఇక్కడే చాలామంది పొరబడతారు. సిలిండర్ పవర్ యాక్సిస్ 180 దగ్గర ఉంటే ఆ పవర్ పైకీ కిందకీ పనిచేస్తుంది, 90 దగ్గర ఉంటే పక్కలకి పనిచేస్తుంది. చదివేటప్పుడు కళ్లు కిందకి దిగుతాయి కాబట్టి మనకి ఇబ్బంది పెట్టేది 180 వైపు ఉన్న సిలిండర్. ఒకాయనకి స్ఫెరికల్ రెండు కళ్లకీ -1.00 ఉండి, ఒక కంటికి మాత్రమే -2.50 సిలిండర్, యాక్సిస్ 180 ఉందనుకోండి, పైకి చూస్తే తేడా లేనట్టే అనిపిస్తుంది, చదివేటప్పుడు మాత్రం రెండున్నర తేడా ఉన్నట్టే లెక్క. యాక్సిస్ మధ్యలో ఎక్కడో ఉంటే కొంత భాగమే లెక్కలోకొస్తుంది, అది మీ ఆప్టోమెట్రిస్ట్ వేసి చెప్తారు.

ఇంకో సంగతి, ఈ తేడా పాతదా కొత్తదా అని చూడండి. బావకి ఇంటర్ నుంచీ ఉంది. అలా కాకుండా నిరుడు రెండు కళ్లూ దాదాపు ఒకటే ఉండి ఈ ఏడు ఒక కంటికే రెండు పాయింట్లు మైనస్ పెరిగిందంటే ముందు అద్దాల షాపుకి కాదు, డాక్టర్ దగ్గరకి వెళ్లండి. యాభై దాటినవాళ్లలో ఒక కంట్లో శుక్లం ముదురుతుంటే అలా మైనస్ పెరుగుతుంది, చిన్న వయసులో అయితే కార్నియా ముందుకి పొడుచుకొచ్చే కెరటోకోనస్ ఉందేమో చూడాలి. ఉన్నట్టుండి ఒకటి రెండుగా కనపడటం, కంట్లో నొప్పితో పాటు వాంతులు, లైట్ల చుట్టూ రంగుల వలయాలు, ఎప్పుడూ లేనంత తీవ్రమైన తలనొప్పి, వీటిలో ఏదున్నా ఈ గైడ్ పక్కన పెట్టేసి అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లాలి.

తలనొప్పి అద్దాల వల్లేనా? టేప్ పెట్టి చూడండి

బావకి నేను చేసిన మొదటి పని ఇదే. అక్క దగ్గర గిఫ్ట్‌లు చుట్టే తెల్లటి మసక టేప్ తీసుకుని ఎడమ లెన్స్ కింది సగానికి, లోపలి వైపు అంటించా, పై సగం అలాగే వదిలేశా. అంటే దూరం చూసేటప్పుడు రెండు కళ్లూ పనిచేస్తాయి, చదివేటప్పుడు ఎడమ కంటికి అంతా మసకే, కుడి కన్ను ఒక్కటే చదువుతుంది. ఇలా పెట్టుకుని రోజూ చదివినంత సేపే చదువు బావా అని పేపర్ చేతికిచ్చా. గంటన్నర చదివాడు, నొప్పి రాలేదు. సోమ, మంగళవారాలు వర్క్ ఫ్రమ్ హోమ్‌లో కూడా అలాగే పెట్టుకున్నాడు, మూడింటికి రావాల్సిన నొప్పి రాలేదు. బుధవారం టేప్ తీసేశాడు, మళ్లీ వచ్చింది.

ఒక కన్ను మూస్తే పోయే తలనొప్పి అంటే రెండు కళ్లనీ కలిపే దగ్గర గొడవ ఉందన్నమాట. టేప్ పెట్టినా నొప్పి అలాగే ఉంటే కారణం వేరే ఎక్కడో ఉంది, మైగ్రేన్ కావచ్చు, మెడ కావచ్చు, పవరే తప్పు పడి ఉండొచ్చు, లెన్సులు మార్చుకుంటూ డబ్బులు పోగొట్టుకోవద్దు. టేప్ పెట్టుకుని బండి మాత్రం నడపొద్దు.

దీంతో పాటు ఇంకో చిన్న పరీక్ష. పేపర్లో ఒక హెడ్డింగ్ కింద ఉన్న గీత చూస్తూ ఒక చేత్తో కుడి కన్ను, ఎడమ కన్ను మార్చి మార్చి మూయండి. తల వంచి లెన్స్ మధ్యలోంచి చూస్తే గీత దాదాపు కదలదు, తల నిటారుగా ఉంచి లెన్స్ కింది భాగంలోంచి చూస్తే మాత్రం గీత పైకీ కిందకీ గెంతుతుంది. బావకి గెంతింది. "ఏందిరా ఇది, ఎడమ కంటితో చూస్తే గీత పైకి పోతాంది" అన్నాడు. అలాగే పోవాలి, ఎందుకో కింద చెప్తా. ఒకవేళ లెన్స్ మధ్యలోంచి చూసినా అంతే గెంతుతుంటే షాపులో లెన్స్ సెంటర్లు ఎత్తు తప్పుగా పడ్డాయని అనుమానించాలి, లేదా కళ్లకి పుట్టుకతోనే కొద్దిగా పైకీ కిందకీ వంపు ఉండొచ్చు.

ఎందుకిలా అవుతుంది, లెక్క ఇది

లెన్స్‌కి సరిగ్గా మధ్యలోంచి చూస్తే వెలుగు తిన్నగా వెళ్తుంది. మధ్య నుంచి పక్కకి జరిగే కొద్దీ అదే లెన్స్ ప్రిజమ్‌లా వెలుగుని వంచుతుంది. ఎంత వంచుతుందో చెప్పే సూత్రం చాలా తేలిక, ప్రెంటిస్ రూల్ అంటారు:

```
ప్రిజమ్ = మధ్య నుంచి దూరం (సెం.మీ.) × పవర్
```

ప్రోగ్రెసివ్‌లో చదివే భాగం లెన్స్ సెంటర్‌కి సుమారు 10 మిల్లీమీటర్ల కింద ఉంటుంది, అంటే 1 సెంటీమీటర్. బావ కుడి కంటికి 1 × 1.00, ఒక యూనిట్ ప్రిజమ్. ఎడమ కంటికి 1 × 4.50, నాలుగున్నర యూనిట్లు. రెండూ ఒకే వైపు వంచుతాయి కాబట్టి కళ్లకి భారం తేడా మాత్రమే, అది మూడున్నర. దగ్గర చూపు కోసం కలిపిన +1.50 రెండు కళ్లకీ సమానం కాబట్టి దాన్ని ఈ లెక్కలో వదిలేయొచ్చు.

మూడున్నర అంటే ఎంతో చూద్దాం. ఒక ప్రిజమ్ యూనిట్ అంటే మీటరు దూరంలో ఒక సెంటీమీటరు జరగడం. మనం చదివేది 40 సెంటీమీటర్లలో, కాబట్టి ఎడమ కంటికి కనపడే లైను కుడి కంటికి కనపడే లైను కంటే 14 మిల్లీమీటర్లు పైన ఉంటుంది. తెలుగు పేపర్లో అది దాదాపు మూడు లైన్ల ఎత్తు. మైనస్ లెన్స్ అన్నిటినీ కొంచెం కుదించి మధ్యకి లాగుతుంది, కింద ఉన్నదాన్ని మధ్యకి లాగడమంటే పైకి లేపడమే, ఎక్కువ మైనస్ ఉన్న ఎడమ లెన్స్ ఎక్కువ లేపుతుంది, బావకి గీత ఎడమ కంటితో పైకి పోయింది అందుకే.

మరి బావకి లైన్లు రెండుగా ఎందుకు కనపడలేదు? కంటి కండరాలు ఒక కన్నుని కాస్త పైకి, ఇంకోదాన్ని కాస్త కిందకి తిప్పి ఎలాగోలా కలిపేస్తున్నాయి. కళ్లు లోపలికి తిరగడంలో మనకి బోలెడంత బలం ఉంటుంది, రోజూ దగ్గర వస్తువుల్ని చూస్తూ చేసే పనే అది. కానీ ఒక కన్ను పైకీ ఒకటి కిందకీ తిరగడానికి మామూలుగా రెండు మూడు యూనిట్ల ఓపికే ఉంటుంది. బావ కళ్లు ఆ హద్దు దగ్గర రోజుకి ఎనిమిది గంటలు పనిచేస్తున్నాయి, నొప్పి మధ్యాహ్నం మూడింటికి రావడానికి అదే కారణం. పొద్దున కండరాలకి ఓపిక ఉంటుంది, మధ్యాహ్నానికి అయిపోతుంది. సాయంత్రం పూట లైన్ తప్పిపోతున్నా, ఒకే లైను రెండుసార్లు చదువుతున్నా అని కూడా బావ చెప్పాడు, కలపడం జారిపోతున్నప్పుడు అలాగే ఉంటుంది.

ఇరవై ఏళ్లు ఏమీ కాకపోవడానికి కారణం కూడా ఇక్కడే దొరుకుతుంది. లెన్స్ అంతా ఒకే పవర్ ఉండే పాత సింగిల్ విజన్ అద్దాల్లో చదవాలంటే తల వంచి లెన్స్ మధ్యలోంచే చూసేవాడు, మధ్యలో ప్రిజమ్ సున్నా. అది కాక ఫోన్ చూసేటప్పుడు అద్దాలు తీసేసి మొహానికి దగ్గరగా పెట్టుకునేవాడు, ఎడమ కన్ను -4.50 కదా, అద్దాల్లేకుండా 22 సెంటీమీటర్ల దగ్గర దానికి శుభ్రంగా కనపడుతుంది. ప్రోగ్రెసివ్ వచ్చాక తల వంచకూడదు, గడ్డం పైకెత్తి కళ్లు కిందకి దించాలి అని షాపులో నేర్పించారు. వాళ్లు నేర్పింది ప్రోగ్రెసివ్‌కి కరెక్టే, బావ పవర్లకి మాత్రం అదే నొప్పికి దారి తీసింది.

ఇంకో కారణం, బొమ్మ సైజు

అద్దం కంటికి పన్నెండు పధ్నాలుగు మిల్లీమీటర్ల ముందు ఉంటుంది కాబట్టి మైనస్ లెన్స్ బొమ్మని చిన్నది చేస్తుంది, ప్లస్ పెద్దది చేస్తుంది. స్థూలంగా పాయింట్‌కి 1 నుంచి 1.5 శాతం అనుకోండి. బావకి మూడున్నర పాయింట్ల తేడా అంటే కుడి కంటి బొమ్మ కంటే ఎడమ కంటి బొమ్మ నాలుగైదు శాతం చిన్నది. దీన్ని అనిసైకోనియా అంటారు. మూడు శాతం దాటితే కొందరికి నేల ఏటవాలుగా ఉన్నట్టు, మెట్లు దిగేటప్పుడు అడుగు తప్పుగా పడుతున్నట్టు, గోడ తమ మీదకి వాలినట్టు అనిపిస్తుంది, వికారం కూడా రావొచ్చు. ఎదురుగా ఉన్న తలుపుని ఒక్కో కంటితో మార్చి మార్చి చూస్తే ఏ కంటికి చిన్నదిగా కనపడుతుందో తెలిసిపోతుంది.

చిన్నప్పట్నుంచీ ఉన్న తేడాకి మెదడు చాలావరకు సర్దుకుంటుంది, బావకి ఈ సైజు బాధ లేదు. అమ్మకో నాన్నకో ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయి రెండో కంటికి ఇంకా -6.00 ఉండిపోతే మాత్రం ఈ బాధ రాత్రికి రాత్రి మొదలవుతుంది, వాళ్లకి అద్దాలతో సరిచేయడం దాదాపు అయ్యే పని కాదు, రెండో కంటి ఆపరేషన్ ఎప్పుడు చేస్తారో సర్జన్‌తో మాట్లాడుకోవాలి, ఆలోపు ఆ కంటికి కాంటాక్ట్ లెన్స్ వాడాలి.

డబ్బులు వృథా అయ్యే చోటు

బావ నొప్పని రెండోసారి వెళ్తే షాపు వాళ్లు 1.67 ఇండెక్స్ పలచటి లెన్స్ వేసి, బ్లూ కట్ కోటింగ్ కలిపారు. బాగా డబ్బులయ్యాయి. పలచటి లెన్స్ వల్ల ఎడమ అద్దం అంచు మందం తగ్గింది, బరువు తగ్గింది, చూడటానికి బాగుంది, అది నిజమే. కానీ ప్రెంటిస్ రూల్ మళ్లీ చూడండి, అందులో దూరం, పవర్ రెండే ఉన్నాయి, ఇండెక్స్ ఎక్కడా లేదు. 1.5 అయినా 1.74 అయినా ప్రిజమ్ అంతే. బ్లూ కట్‌కి కూడా దీంతో సంబంధమే లేదు. మీకు ఎవరైనా పవర్ తేడా తలనొప్పికి పలచటి లెన్స్ మందు అని చెప్తే ఈ లెక్క చూపించండి.

అద్దాలతోనే సర్దుకోవాలంటే ఏం అడగాలి

అన్నిటికంటే తేలికైంది రెండు జతలు. దూరానికి ఒకటి, దగ్గరికి ఒకటి, రెండూ సింగిల్ విజన్. దగ్గరి జతలో లెన్స్ సెంటర్లు కళ్లు ఎక్కడ దిగి చదువుతాయో అక్కడే పడాలి, అలా పడితే చదివే చోట ప్రిజమ్ తేడా దాదాపు ఉండదు. ఈ మాట ఆర్డర్ ఫారం మీద రాయించండి, నోటితో చెప్తే ల్యాబ్ దాకా పోదు. బావకి నేను మొదట చేయించింది ఆఫీసు జత. మానిటర్ 65 సెంటీమీటర్లలో ఉంది, దానికి +0.75 కలిపితే చాలు, కాబట్టి కుడి -0.25, ఎడమ -3.75, సెంటర్లు కాస్త కిందకి. రోజులో ఏడెనిమిది గంటలు ఆ జతతోనే గడుస్తుంది కదా, ఒక్క ఆ మార్పుకే వారంలో నొప్పి సగానికి పైగా తగ్గింది.

ఒకే జత కావాలి, ప్రోగ్రెసివ్వే కావాలి అంటే షార్ట్ కారిడార్ అడగండి. కారిడార్ అంటే దూరం చూపు నుంచి దగ్గర చూపుకి లెన్స్ దిగే దారి. అది మూడు మిల్లీమీటర్లు పొట్టిదైతే బావ లెక్కలో 10 బదులు 7 మిల్లీమీటర్లు దిగితే చాలు, 0.7 × 3.5, అంటే దాదాపు రెండున్నర. మూడున్నర నుంచి రెండున్నరకి దిగింది, కళ్ల ఓపిక హద్దుకి కాస్త లోపలికొచ్చింది. బదులుగా మధ్య దూరం, అంటే కంప్యూటర్ చూసే భాగం, ఇరుకైపోతుంది. తేడా రెండు పాయింట్ల దగ్గర ఉన్నవాళ్లకి ఇది బాగా పనికొస్తుంది, బావలాంటి వాళ్లకి ఇదొక్కటే చాలదు.

మూడోది స్లాబ్ ఆఫ్. ఎక్కువ మైనస్ ఉన్న లెన్స్ కింది భాగాన్ని వేరే కోణంలో అరగదీసి ఎదురు ప్రిజమ్ పెడతారు, అంటే లెన్స్ పైకి లేపే లైనుని కిందకి దించుతారు. బావకి అయితే ఎడమ లెన్స్‌కి మూడు యూనిట్ల స్లాబ్ ఆఫ్ అడగాలి. మామూలుగా ఒకటిన్నర యూనిట్ దాటిన తేడాకే చేస్తారు. లెన్స్ మీద అడ్డంగా సన్నటి గీత కనపడుతుంది, దగ్గరగా చూస్తేనే తెలుస్తుంది. బైఫోకల్‌లో ఆ గీత బైఫోకల్ గీతతో కలిసిపోతుంది. అన్ని ల్యాబులూ దీన్ని చెయ్యవు, చేసేవాళ్లు కూడా టైమ్ తీసుకుంటారు, పేరు వినని షాపుల వాళ్లు ఉంటే మీరే చెప్పి ల్యాబ్‌ని కనుక్కోమనండి. కాంటాక్ట్ లెన్స్ పెట్టుకోలేనివాళ్లకి, పెద్దవాళ్లకి నా దృష్టిలో ఇదే మంచి దారి. ఏళ్ల తరబడి బైఫోకల్ వాడుతూ ఏ బాధా లేనివాళ్లకి మాత్రం పెట్టకూడదు, వాళ్ల కళ్లు ఆ ప్రిజమ్‌కి ఎప్పుడో అలవాటు పడిపోయి ఉంటాయి, కొత్తగా తీసేస్తే అప్పుడు మొదలవుతుంది నొప్పి.

సైజు తేడా కూడా ఇబ్బంది పెడుతుంటే ఫ్రేమ్ కంటికి వీలైనంత దగ్గరగా కూర్చోవాలి, అందుకే ముక్కు ప్యాడ్లు సర్దే చిన్న ఫ్రేమ్ తీసుకోండి. బొమ్మ చిన్నదిగా ఉన్న కంటికి ముందు వంపు ఎక్కువగా, కాస్త మందంగా లెన్స్ చేయిస్తే ఒకటి రెండు శాతం సైజు సర్దుతుంది. అంతకంటే ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు.

కాంటాక్ట్ లెన్స్ ఎందుకు అన్నిటికంటే బాగా పనిచేస్తుంది

కాంటాక్ట్ లెన్స్ కంటి మీదే కూర్చుని కంటితో పాటే కదులుతుంది. కన్ను కిందకి చూస్తే లెన్స్ కూడా కిందకే వస్తుంది కాబట్టి చూపు ఎప్పుడూ దాదాపు లెన్స్ మధ్యలోంచే పోతుంది, ప్రిజమ్ గొడవ లేదు. కంటికీ లెన్స్‌కీ మధ్య దూరం లేదు కాబట్టి సైజు తేడా కూడా చాలావరకు పోతుంది. కన్ను పొడవులో తేడా వల్ల వచ్చిన మైనస్‌కి అద్దాలే మేలని నాప్ రూల్ అని ఒకటి పుస్తకాల్లో ఉంటుంది, ప్రాక్టీసులో మాత్రం అలాంటివాళ్లు కూడా ఎక్కువమంది కాంటాక్ట్ లెన్స్‌తోనే సుఖంగా ఉంటారు.

రెండు కళ్లకీ పెట్టుకోవాలని లేదు. చాలామందికి తెలియని దారి ఒకటుంది, బావకి చివరికి కుదిరింది కూడా అదే. తేడా ఎంతుందో అంతవరకే ఎడమ కంట్లో కాంటాక్ట్ లెన్స్‌కి ఇచ్చేసి, మిగతాది అద్దాల్లో పెట్టడం. అద్దాల పవర్ కాంటాక్ట్‌కి మార్చేటప్పుడు నాలుగు దాటితే కొంచెం తగ్గించాలి, -4.50 అద్దం కంటి మీదకొచ్చేసరికి సుమారు -4.25 అవుతుంది. అందులోంచి ఒక పాయింట్ అద్దాలకి వదిలేస్తే ఎడమ కంటికి -3.25 కాంటాక్ట్ లెన్స్. ఇప్పుడు దాని మీద పెట్టుకునే ప్రోగ్రెసివ్ అద్దాల్లో కుడి -1.00, ఎడమ -1.00. రెండూ సమానం, కిందకి చూసినా ప్రిజమ్ తేడా సున్నా. మామూలు కారిడార్, మామూలు లెన్స్ సరిపోయింది, 1.67 అక్కర్లేదు.

ట్రయల్ రోజు బావ మా క్లినిక్‌లోనే కూర్చున్నాడు. -3.25 ట్రయల్ లెన్స్ పెట్టి ఇరవై నిమిషాలు ఆగి, ట్రయల్ ఫ్రేమ్‌లో -1.00, -1.00, దగ్గరికి +1.50 వేసి అదే గీత పరీక్ష చేయించా. కన్ను మార్చి మార్చి మూశాడు, గీత కదల్లేదు. మళ్లీ మూశాడు. "రేయ్, తల వంచకుండానే చదువుతున్నా చూడు" అని అక్కకి ఫోన్ చేసి చెప్పాడు.

ట్రయల్ లేకుండా మాత్రం కొనొద్దు. కాంటాక్ట్ పెట్టాక మైనస్ వాళ్లకి దగ్గర చూపుకి కాస్త ఎక్కువ శ్రమ పడుతుంది, దగ్గరి పవర్ ఓ పావు పాయింట్ మారొచ్చు, అది కాంటాక్ట్ కంట్లో ఉండగానే చూసుకోవాలి. సిలిండర్ ఎక్కువుంటే టోరిక్ లెన్స్ అడగాలి. బెంగళూరు ఆఫీసుల ఏసీలో కళ్లు ఎండిపోతాయి, ఔటర్ రింగ్ రోడ్డు మీద బండి నడిపితే దుమ్ము, అందుకని రోజూ పారేసే డైలీ లెన్సులే బావకి రాశాం, ఒక్క కంటికే కాబట్టి ఖర్చు కూడా సగమే. పెట్టుకుని నిద్రపోకూడదు, కుళాయి నీళ్లు తగలకూడదు, కన్ను ఎర్రబడి నొప్పి వస్తే వెంటనే తీసేసి అదే రోజు చూపించుకోవాలి. ఇప్పుడు బావ ఇంట్లో ఉన్నరోజు ఆఫీసు జత, బయటికెళ్లే రోజు కాంటాక్ట్ మీద ప్రోగ్రెసివ్, ఇలా వాడుతున్నాడు.

లేసర్ గురించి కూడా అడిగాడు. పవర్ ఏడాదిగా మారకుండా ఉండి, కార్నియా మందం సరిపోతే లాసిక్ చేస్తారు, పవర్ ఎక్కువైతే కంటి లోపల పెట్టే ఐసీఎల్ ఉంటుంది, రెండూ పవర్ తేడాని మూలంలోనే తీసేస్తాయి. కానీ 44లో చేయించుకున్నా చదవడానికి అద్దాలు తప్పవు, పైగా రాత్రి మంచం మీద అద్దాల్లేకుండా 22 సెంటీమీటర్లలో ఫోన్ చూసుకునే ఎడమ కంటి సౌకర్యం పోతుంది. ఆ మాట చెప్పగానే బావ వద్దన్నాడు. పాతికేళ్ల కుర్రాడైతే నేను వేరేగా చెప్పేవాణ్ణి.

పిల్లల సంగతి వేరు. వాళ్లకి సాధారణంగా తలనొప్పి రాదు, మెదడు మసకగా ఉన్న కంటిని పక్కన పెట్టేసి మంచి కంటితోనే పని కానిచ్చేస్తుంది, ఆ కన్ను బద్ధకపు కన్నుగా మిగిలిపోతుంది. ఏడెనిమిదేళ్ల లోపు పట్టుకుంటే అద్దాలతో, మంచి కంటికి ప్యాచ్‌తో బాగా తిరిగొస్తుంది. బావ కూతురికి ఆరేళ్లు, ఒక్కో కన్ను విడిగా మూసి చార్ట్ చదివించాం, రెండూ బాగున్నాయి. బడికి వెళ్లకముందే ఒకసారి ఇలా విడివిడిగా చూపించడం అవసరం.

అద్దాలు చేతికొచ్చిన రోజు

షాపులోంచి బయటికి రాకముందే పవర్ మెషిన్ మీద రెండు లెన్సులూ పెట్టించి, సెంటర్ల దగ్గర మార్కర్‌తో చుక్కలు పెట్టమనండి. అద్దాలు పెట్టుకుని అద్దంలో చూడండి, సింగిల్ విజన్‌లో ఆ రెండు చుక్కలూ మీ రెండు కంటిపాపలకి ఒకే ఎత్తు తేడాలో ఉండాలి. ప్రోగ్రెసివ్ అయితే ల్యాబ్ వేసి పంపిన ప్లస్ గుర్తులు చెరపకుండా ఇవ్వమనండి, అవి సరిగ్గా కంటిపాప మధ్యలో పడాలి. మామూలు పవర్ల వాళ్లకి రెండు మూడు మిల్లీమీటర్లు అటూఇటూ అయినా పెద్దగా తెలియదు, కానీ -4.50 లెన్స్ ఒక్కటీ మూడు మిల్లీమీటర్లు తప్పితే 0.3 × 4.50, అంటే 1.35 యూనిట్ల ప్రిజమ్ నేరుగా చూసినప్పుడు కూడా రోజంతా మీద పడుతుంది. బావ మొదటి ప్రోగ్రెసివ్ తీసుకెళ్లి మా మెషిన్ మీద చూస్తే ఎడమ లెన్స్ రెండు మిల్లీమీటర్లు పైకి పడి ఉంది, ఆ షాపులో రెండు కళ్లకీ కలిపి ఒకే ఎత్తు కొలిచారట. కొలిచేటప్పుడు ఒక్కో కంటికీ విడివిడిగా ఎత్తు, విడివిడిగా పీడీ, అంటే ముక్కు మధ్య నుంచి కంటిపాపకి ఉన్న దూరం, తీసుకోమని అడగండి, రెండు నిమిషాల పని.